ఆగమంటే ఆగాలి: ఆటోమేటిక్ ట్రేడింగ్‌కు కిల్ స్విచ్ కట్టే పద్ధతి

2012 ఆగస్టు 1న న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్ చిన్న మదుపరుల ఆర్డర్ల కోసం ఒక కొత్త పద్ధతి మొదలుపెట్టింది. అందుకోసం నైట్ క్యాపిటల్ అనే బ్రోకరేజీ సంస్థ ఆర్డర్లు పంపే తన సాఫ్ట్‌వేర్‌ను మార్చుకుంది. అప్పట్లో అమెరికా షేర్ల వ్యాపారంలో దాదాపు పదో వంతు ఆ సంస్థ చేతుల మీదుగానే సాగేది. కొత్త కోడ్ ఎనిమిది సర్వర్లలో ఎక్కాలి. ఏడింటిలో ఎక్కింది, ఎనిమిదో దాన్ని మరిచిపోయారు. ఉదయం తొమ్మిదిన్నరకు మార్కెట్ తెరుచుకుంది. ముప్పావుగంట గడిచేసరికి ఆ సంస్థకు 46 కోట్ల డాలర్ల పైచిలుకు నష్టం ఖాయమైంది.

ఎనిమిదో సర్వర్లో మిగిలిపోయిన పాత కోడ్ పేరు పవర్ పెగ్. 2003 నుంచి దాన్ని ఎవరూ వాడలేదు, అలాగని తీసేయనూ లేదు. ఒక పెద్ద ఆర్డరును చిన్న చిన్న ఆర్డర్లుగా విడగొట్టి పంపడం దాని పని. అడిగినన్ని షేర్లు వచ్చాయో లేదో లెక్కపెట్టి, రాగానే ఆగిపోవడం కూడా దాని పనే. కానీ 2005లో ఆ లెక్కపెట్టే భాగాన్ని కోడ్‌లో మరోచోటికి మార్చారు. మార్చాక పవర్ పెగ్ సరిగ్గా పనిచేస్తోందా అని ఎవరూ పరీక్షించలేదు. ఇక కొత్త కోడ్‌ను మేల్కొలపడానికి వాడిన గుర్తు ఒకప్పుడు పవర్ పెగ్‌ను మేల్కొలిపిన గుర్తే. దాంతో ఆ ఒక్క సర్వర్లో పాత కోడ్ లేచింది. తనకు ఎన్ని షేర్లు వచ్చాయో దానికి తెలియదు, అందుకే పంపుతూనే పోయింది. ఖాతాదారుల నుంచి వచ్చిన 212 ఆర్డర్లకు బదులుగా 154 కంపెనీల షేర్లలో 40 లక్షలకు పైగా లావాదేవీలు జరిగాయి.

మనుషులు చూస్తూనే ఉన్నారు. మార్కెట్ తెరవకముందే ఆ సిస్టమ్ పవర్ పెగ్ పేరుతో 97 ఈమెయిళ్లు పంపింది. అవి హెచ్చరికలుగా తయారుచేసినవి కావు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. గొడవ మొదలయ్యాక ఇంజినీర్లు చేసిన పని ఇంకా ఘోరం. తప్పు కొత్త కోడ్‌లో ఉందనుకుని, సరిగ్గా నడుస్తున్న ఏడు సర్వర్ల నుంచీ దాన్ని తీసేశారు. అక్కడా పవర్ పెగ్ లేచింది. ఈ లావాదేవీలన్నీ వచ్చి పడిన ఖాతాకు 20 లక్షల డాలర్ల పరిమితి ఒకటి రాసి ఉంది. ఆ ఖాతాలో కొన్న షేర్లే చివరికి 350 కోట్ల డాలర్ల దాకా చేరాయి. పరిమితి కాగితం మీద ఉంది, ఆర్డర్లను ఆపే ఏ మీటకూ దాన్ని తగిలించలేదు. మరుసటి ఏడాది అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ కోటీ 20 లక్షల డాలర్ల జరిమానా వేస్తూ తన ఉత్తర్వులో ఈ వివరాలన్నీ రాసింది. ఆటోమేటిక్ ట్రేడింగ్ చేసేవాళ్లు ఆ ఉత్తర్వును ఒకసారైనా చదవాలని నా అభిప్రాయం.

నైట్ క్యాపిటల్‌లో కోడ్ చెడిపోవడం కంటే, చెడిపోయిన కోడ్‌కు తన పరిస్థితి తెలియకపోవడం నాకు పెద్ద విషయంగా కనిపిస్తుంది. కిల్ స్విచ్ రూపకల్పనంతా ఈ ఒక్క సంగతి చుట్టూ తిరుగుతుంది. లెక్క తప్పిన ప్రోగ్రామునే లెక్క అడిగి, దాని మాట మీద ఆపాలా వద్దా అని తేల్చకూడదు.

ఇది పెద్ద సంస్థలకే పరిమితమైన గొడవ కాదు. ఇంట్లో ల్యాప్‌టాప్ మీదో, నెలకు అద్దె కట్టే క్లౌడ్ సర్వర్ మీదో చిన్న పైథాన్ ప్రోగ్రాం పెట్టుకుని, బ్రోకర్ ఇచ్చే ఏపీఐ ద్వారా ఎన్ఎస్ఈలో ట్రేడ్ చేసే మామూలు మనుషులు మన దగ్గరా ఉన్నారు. 2025 ఫిబ్రవరిలో సెబీ వీళ్ల కోసమే నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం ఫలానా ఆల్గో గుర్తింపు సంఖ్యతో వచ్చే ఆర్డర్లను కిల్ స్విచ్‌తో ఆపేసే వీలు ఎక్స్ఛేంజ్ చేతిలో ఉండాలి. కానీ ఆ మీట మార్కెట్‌ను కాపాడడానికి పెట్టింది. మీ జేబును కాపాడే మీట మీరే కట్టుకోవాలి. అదెలా ఉండాలో ఒక ఊహాజనిత ఉదాహరణతో చూద్దాం.

ఒకాయన దగ్గర 5 లక్షల రూపాయలున్నాయి. ఒక కంపెనీ షేరును ఉదయం కొని సాయంత్రంలోగా అమ్మే ప్రోగ్రాం నడుపుతున్నాడు. రోజుకు 10,000 రూపాయలకు మించి పోకూడదని హద్దు పెట్టుకున్నాడు. పొద్దున మొదటి ట్రేడ్‌లో 3,200 పోయాయి. తర్వాత 1,240 రూపాయల దగ్గర ప్రోగ్రాం 400 షేర్లు కొంది. ధర జారుతూ 1,228.60కి వచ్చింది. ఇప్పుడు ఈ రోజు నష్టమెంత?

చాలా ప్రోగ్రాములు 3,200 అంటాయి, ఎందుకంటే ముగిసిన ట్రేడ్లనే అవి లెక్కేస్తాయి. చేతిలో ఉన్న 400 షేర్ల మీద షేరుకు 11.40 చొప్పున మరో 4,560 పోయి ఉంది. బ్రోకరేజీ, ఎస్టీటీ, స్టాంపు సుంకం లాంటివి ఇప్పటికి 280 అయ్యాయనుకుందాం. అంటే 8,040. కథ ఇక్కడితోనూ అయిపోలేదు. బయటపడాలంటే 400 షేర్లు అమ్మాలి. జారుతున్న మార్కెట్లో తెర మీద కనిపించే ధరకే అన్నీ అమ్ముడుపోవు. షేరుకు రెండు రూపాయలు తక్కువకు పోతాయనుకుంటే 800, అమ్మకం ఖర్చులు మరో 170. మొత్తం 9,010.

రోజువారీ హద్దును పోల్చాల్సింది ఈ చివరి అంకెతోనే. ‘ఈ క్షణంలో అన్నీ వదిలించుకుంటే రోజు ముగిసేసరికి ఎంత పోతుంది?’ అన్న ప్రశ్నకు జవాబు అదే. పైగా ఆపే గీతను 10,000 దగ్గర గీయకూడదు. అది దాటకూడని గోడ అనుకుంటే, మీట పడాల్సింది దానికి ముందు, ఈయన విషయంలో 9,000 దగ్గర. మధ్యలో ఉన్న వెయ్యి బయటపడే తొందరలో జరిగే పొరపాట్లకు. ఆ ఎడం ఎంత ఉండాలన్నది షేరును బట్టి మారుతుంది. రోజంతా చేతులు మారే పెద్ద కంపెనీ షేరుకు తక్కువ చాలు. కొనేవాళ్లు పలుచగా ఉండే ఆప్షన్‌కు హద్దులో సగం వదిలినా చాలకపోవచ్చు. లోయర్ సర్క్యూట్ తగిలి కొనేవాడే లేకపోతే ఏ మీటా పనిచేయదు. రోజువారీ హద్దు నష్టాన్ని అదుపులో పెట్టే ప్రయత్నమే తప్ప హామీ కాదు.

ఈ లెక్కకు కావలసిన అంకెలు ఎక్కడి నుంచి వస్తున్నాయన్నది ఇంకో ప్రశ్న. ప్రోగ్రాం తన జ్ఞాపకంలో ‘నేను 400 కొన్నాను’ అని రాసుకుని ఉంటుంది. దాన్ని నమ్మకూడదు. ఎన్ని షేర్లున్నాయి, ఏ ధరకు వచ్చాయి అన్నది బ్రోకర్ దగ్గరున్న పొజిషన్ల పట్టిక నుంచే తెచ్చుకోవాలి. రెండూ కలవకపోతే, నష్టం ఎంతున్నా లేకపోయినా, కలవకపోవడమే ఆపడానికి తగిన కారణం. పవర్ పెగ్ విషయంలో నష్టాన్ని లెక్కగట్టేదాకా ఆగనక్కర్లేదు. పంపమన్నదానికీ ఖాతాలోకి వచ్చినదానికీ పొంతన లేదని మొదటి నిమిషంలోనే తేలేది.

ఇప్పుడు 9,000 దాటింది, మీట పడింది. ఇక్కడి నుంచే అసలు పని. ఆపడం అన్నది ఒకే పనిలా వినిపిస్తుంది కానీ అందులో మూడు వేరువేరు పనులున్నాయి: కొత్త ఆర్డర్లు వెళ్లకుండా తలుపు మూయడం, మార్కెట్లో వేచి ఉన్న ఆర్డర్లను రద్దు చేయడం, చేతిలో ఉన్న షేర్లను వదిలించుకోవడం. వాటిని ఈ వరసలోనే చేయాలి. ప్రోగ్రామును చంపేస్తే చాలనుకునేవాళ్లు మొదటి పని మాత్రమే చేసినట్టు. ల్యాప్‌టాప్ మూసేసినా ఎక్స్ఛేంజ్‌లో వేచి ఉన్న ఆర్డర్ అక్కడే ఉంటుంది, షేర్లు ఖాతాలోనే ఉంటాయి. తేడా ఒక్కటే, వాటిని చూసుకునేవాడు ఇప్పుడు లేడు.

మన ఉదాహరణలో మీట పడే సమయానికి రెండు ఆర్డర్లు వేచి ఉన్నాయనుకుందాం. ధర 1,228కి వస్తే మరో 100 షేర్లు కొనమనేది ఒకటి. 1,225కి పడిపోతే 400 షేర్లూ అమ్మేయమనే స్టాప్ లాస్ రెండోది. ప్రోగ్రాం రెండింటినీ రద్దు చేయమని పంపి, ఆ వెంటనే 400 షేర్లు అమ్మమని పంపిందనుకోండి. చూడడానికి చురుగ్గానే ఉంది, కానీ రెండు రకాలుగా బెడిసికొట్టవచ్చు. రద్దు సందేశం దారిలో ఉండగానే ధర 1,228 తాకితే 60 షేర్లు వచ్చి పడతాయి. అప్పుడు 400 అమ్మినా 60 మిగులుతాయి. ప్రోగ్రాం మాత్రం పని అయిపోయిందనుకుని నిద్రపోతుంది. ఇంకోలా కూడా జరగవచ్చు. ధర ఒక్కసారిగా 1,225 దాటి జారితే స్టాప్ లాస్ 400 అమ్మేస్తుంది, ప్రోగ్రాం పంపిన ఆర్డర్ ఇంకో 400 అమ్మేస్తుంది. లేని షేర్లు 400 అమ్మి కూర్చున్నట్టయింది. నష్టాన్ని ఆపబోయి ఎదురు దిక్కున కొత్త పందెం కాసినట్టు. ఈ రెండో రకం తప్పు నిజంగా చాలా మామూలు. ఒకసారి మీట పడ్డాక ప్రోగ్రాం ప్రతి సెకనూ ‘నష్టం ఇంకా ఉంది, అమ్ము’ అని మళ్లీ మళ్లీ పంపే రాత ఉంటే మరీ ప్రమాదం.

కాబట్టి మధ్యలో ఆగి జవాబు వినాలి. ముందు కొనే ఆర్డర్‌ను రద్దు చేయమని అడగాలి. ‘రద్దయింది’ అనో, ‘ఇంత భాగం అప్పటికే అయిపోయింది, మిగతాది రద్దయింది’ అనో బ్రోకర్ నుంచి ఖాయమైన జవాబు వచ్చేదాకా కదలకూడదు. వచ్చాక పొజిషన్ల పట్టికను కొత్తగా తెప్పించుకుని చూడాలి. అక్కడ 460 కనిపిస్తే అమ్మాల్సింది 460. స్టాప్ లాస్ సంగతి కొంచెం వేరు. దాన్ని ముందే రద్దు చేస్తే ఆ నాలుగు సెకన్లూ షేర్లకు కాపలా ఉండదు. బ్రోకర్ ఒప్పుకుంటే దాన్ని రద్దు చేయకుండా మార్చడం మేలు. అదే ఆర్డర్‌లో సంఖ్యను 460కి పెంచి, స్టాప్ లాస్ తీసేసి, ఇప్పటి ధరకు కాస్త కింద, 1,223 దగ్గర మామూలు లిమిట్ ఆర్డర్‌గా చేయాలి. అమ్మే ఆర్డర్ ఒక్కటే ఉంటుంది కాబట్టి రెండుసార్లు అమ్ముడుపోయే ప్రమాదం ఉండదు. 1,223 అంటే ఆ ధరకే అమ్ముడుపోతాయని కాదు. అంతకంటే మంచి ధర ఇచ్చేవాళ్లుంటే వాళ్లకే ముందు వెళతాయి. కొనేవాళ్లు మాయమైన ఒక్క క్షణంలో ఎవరో ముష్టిధరకు ఎగరేసుకుపోకుండా ఇది ఒక కింది హద్దు.

ఈ షేర్లు సగటున 1,226.50కి పోయాయనుకుందాం. మొదటి 400 మీద 5,400, తర్వాత వచ్చి పడిన 60 మీద 90, పొద్దుటి 3,200, రోజంతా ఖర్చులు ఓ 475. మొత్తం 9,165. అనుకోని 60 షేర్లు మీద పడినా 10,000 గోడ దాటలేదు. ముందు వదిలిన వెయ్యి రూపాయలు చేసిన పని అది.

అమ్మకం అయిపోయాక ఆ రోజుకు మీట పడే ఉండాలి. ఇక్కడ చాలామంది ప్రోగ్రాములు ఓడిపోతాయి. ‘ఆగిపోయాం’ అన్న సంగతిని ప్రోగ్రాం తన జ్ఞాపకంలో మాత్రమే పెట్టుకుంటుంది. తర్వాత ఏదో కారణాన అది కూలిపోతుంది, సర్వర్ దాన్ని తనంతట తానే తిరిగి లేపుతుంది. కూలిన ప్రోగ్రామును వెంటనే లేపేలా సర్వర్లను అమర్చుకోవడం మంచి అలవాటే, కానీ ఇక్కడ అదే కొంప ముంచుతుంది. లేచిన ప్రోగ్రాంకు పొద్దుటి సంగతులేవీ గుర్తుండవు. ఖాతాలో ఇప్పుడున్న డబ్బునే రోజు మొదలుగా తీసుకుని, ఇంకో 10,000 పోగొట్టుకునే హక్కు తనకుందనుకుంటుంది. అందుకే మీట పడిన మొట్టమొదటి క్షణంలో, తలుపు మూయడం కంటే కూడా ముందే, ‘ఆగింది, ఈ కారణాన, ఈ వేళకు’ అని డిస్క్ మీద ఒక ఫైలు రాయాలి. ప్రోగ్రాం ఎప్పుడు లేచినా ముందు ఆ ఫైలు ఉందేమో చూడాలి, ఉంటే ఆర్డర్ పంపే దారే తెరవకూడదు. రోజు మొదటి నిల్వను కూడా పొద్దున ఒక్కసారే రాసి ఉంచాలి, ప్రతిసారీ కొత్తగా లెక్కగట్టకూడదు. ఆ ఫైలును చెరిపే అధికారం మనిషికే ఉండాలి. ‘పది నిమిషాల తర్వాత పరిస్థితి బాగుంటే మళ్లీ మొదలుపెట్టు’ అనే తెలివిని ప్రోగ్రాంకు నేర్పడం నాకు నచ్చదు. అలా తనంతట తాను లేచేదాన్ని హద్దు అనలేం.

మీటను ఎక్కడ పెట్టాలి? ట్రేడ్ చేసే ప్రోగ్రాం లోపల ఒక షరతుగా రాస్తే, ఆ ప్రోగ్రాం ఎక్కడైనా చిక్కుకుపోయిన రోజున షరతును చూసేవాడే ఉండడు. కాపలా ప్రోగ్రాం విడిగా ఉండాలి. వీలైతే మరో యంత్రం మీద, మరో ఇంటర్నెట్ కనెక్షన్ మీద ఉండాలి. దానికి వ్యూహం తెలియనక్కర్లేదు. బ్రోకర్‌ను అడిగి లెక్క చూడడం, అవసరమైతే ఆపడం తెలిస్తే చాలు. ట్రేడ్ చేసే ప్రోగ్రాం ప్రతి కొత్త ఆర్డర్‌కు ముందు ‘కాపలా గత కొన్ని సెకన్లలో పలికిందా?’ అని చూసుకోవాలి. పలకకపోతే కొత్తగా కొనకూడదు. అప్పుడు కాపలాదారు చచ్చిపోయినా తలుపు తెరిచి ఉండదు, మూసుకునే ఉంటుంది.

రెండూ మూగబోతే? ఇంట్లో కరెంటు, ఇంటర్నెట్ ఒకేసారి పోయే రోజులుంటాయి కదా. అందుకే ఎక్స్ఛేంజ్‌లో కూర్చున్న స్టాప్ లాస్ ఆర్డర్‌కు విలువ. మీ యంత్రాలన్నీ ఆరిపోయినా అది పనిచేస్తుంది. చివరి మార్గంగా ఫోన్‌లో బ్రోకర్ యాప్, బ్రోకర్ డీలింగ్ డెస్క్ నంబరు దగ్గరుండాలి. కొందరు బ్రోకర్లు తమ యాప్‌లోనే కిల్ స్విచ్ పేరుతో ఒక మీట ఇస్తున్నారు. అది కొత్త ట్రేడ్లను ఆపడానికి మాత్రమేనా, పాత పొజిషన్లను కూడా వదిలిస్తుందా అన్నది ముందే చదివి పెట్టుకోవాలి. పేరు ఒకటే అయినా పని ఒకటే కాకపోవచ్చు.

ఆపడంలో ఇంకో చిక్కు ఉంది. ఏమీ కాకపోయినా మీట పడిపోవడం. పెద్దగా చేతులు మారని ఆప్షన్‌లో ఎవరో పొరపాటున 80 రూపాయల సరుకును 5 రూపాయలకు అమ్ముతారు. చివరిగా జరిగిన లావాదేవీ ధర చూసే ప్రోగ్రాంకు కొంప మునిగినట్టు కనిపిస్తుంది. అన్నీ అమ్మేయమంటుంది, నిజంగానే 5 రూపాయలకు అమ్మే ప్రమాదమూ ఉంది. ఇలాంటిచోట చివరి లావాదేవీ ధరను వదిలి, ఇప్పుడు కొంటామని నిలబడ్డవాళ్ల ధరను చూడాలి. అది కూడా రెండు మూడు సెకన్ల పాటు నిలిచి ఉంటేనే నమ్మాలి. ధరలే రావడం ఆగిపోతే సంగతి ఇంకోలా ఉంటుంది. అప్పుడు నష్టం ఎంతో తెలియదు. తెలియనప్పుడు కళ్లుమూసుకుని అన్నీ అమ్మేయడం మందు కాదు. కొత్తవి కొనడం ఆపి, మనిషిని పిలవడమే సరైన పని. అంటే మీటకు రెండు మెట్లుండాలి. అనుమానం వస్తే తలుపు మూయడం మొదటిది, లెక్క ఖాయమైతే బయటపడడం రెండోది.

రోజువారీ నష్టం హద్దు ఎంత బాగా కట్టినా కొన్నిటిని పట్టుకోలేదు. 2012 అక్టోబరు 5న ఎమ్కే గ్లోబల్ అనే బ్రోకర్ దగ్గర నుంచి పొరపాటున పడిన 59 ఆర్డర్లు, 650 కోట్ల రూపాయల పైచిలుకు, ఎన్ఎస్ఈలో నిఫ్టీని ఒక్కసారిగా దాదాపు 15 శాతం కూల్చాయి. వ్యాపారం పావుగంట ఆగింది. అక్కడ నష్టం లెక్కకు వచ్చేసరికే ఆర్డర్లు అయిపోయాయి. అలాంటిదాన్ని ఆపాల్సింది ఆర్డర్ బయటికి వెళ్లే గుమ్మం దగ్గరే. ఈ ఒక్క ఆర్డర్ విలువ ఎంత, ఈ నిమిషంలో ఇప్పటికి ఎన్ని పంపాం, ఇది కూడా వెళితే మొత్తం పొజిషన్ ఎంతవుతుంది అని అక్కడ అడగాలి. మన ఉదాహరణలో ఆయన ఒక ఆర్డర్‌కు 6 లక్షలు, నిమిషానికి 10 ఆర్డర్లు అని రాసుకుంటే చాలు. నష్టం అంకె ఎప్పుడూ ఆలస్యంగానే చేరుతుంది. ఆర్డర్ల సంఖ్య ముందే చెబుతుంది.

ఇదంతా కట్టాక పరీక్షించకపోతే నైట్ క్యాపిటల్ ఖాతాలోని 20 లక్షల డాలర్ల పరిమితిలాగే మిగులుతుంది. ఉత్తుత్తి డబ్బుతో చేసే పరీక్షలో రద్దుకు, అమ్మకానికి మధ్య వచ్చే జాప్యం కనిపించదు. అసలు మార్కెట్లో, అసలు ఖాతాలో, ఒకే ఒక్క షేరుతో చేయాలి. నష్టం హద్దును ఐదు రూపాయలకు దించి ప్రోగ్రామును వదలండి. ఒక కొనే ఆర్డర్ వేచి ఉండగా మీట పడనివ్వండి. ఇంకోసారి మీట పడిన మరుక్షణం ఇంటర్నెట్ తీగ పీకేయండి. మరోసారి మీట పడ్డాక ప్రోగ్రామును చంపి తిరిగి లేపండి. ప్రతిసారీ ఫోన్‌లో బ్రోకర్ యాప్ తెరిచి మూడు చోట్ల చూడాలి. పొజిషన్ సున్నా ఉందా? వేచి ఉన్న ఆర్డర్లు సున్నా ఉన్నాయా? మీట పడిన వేళ తర్వాత కొత్త ఆర్డర్ ఏదైనా వెళ్లిందా? ప్రోగ్రాం రాసిన లాగ్‌లో అంతా సవ్యమని ఉండి యాప్‌లో ఒక్క షేరు కనిపిస్తే, యాప్‌నే నమ్మి కోడ్ దిద్దాలి. ప్రోగ్రాంలో ఆర్డర్లు పంపే భాగాన్ని ముట్టుకున్న ప్రతిసారీ ఈ పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేయాలి.